పెనాల్టీ కిక్కర్‌ని చదవడం ఎలా: ఎప్పుడు దూకాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు మధ్యలోనే నిలబడాలి

మన దగ్గర ఏ కీపర్‌ని కదిపినా పెనాల్టీ గురించి అడిగేది ఒకటే, "అన్నా, వాడు లెఫ్ట్ కొడతాడా రైట్ కొడతాడా?" అని. అది రెండో ప్రశ్న. దానికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది, వాడు నిన్ను చూసి కొట్టే రకమా, నిన్ను అసలు పట్టించుకోకుండా కొట్టే రకమా అని. ఇది తేలకుండా లెఫ్ట్ రైట్ లెక్కలు ఎన్ని రాసుకున్నా పెద్దగా పనికిరావు, ఎందుకంటే నిన్ను చూసి కొట్టేవాడికి ఫేవరెట్ సైడ్ అంటూ గట్టిగా ఉండదు, నువ్వు వదిలేసిన సైడే వాడి సైడ్.

ఇది పెద్ద గ్రౌండ్ ఫుట్‌బాల్ కోసం రాస్తున్నా, అంటే 11 మీటర్ల స్పాట్, 7.32 మీటర్ల వెడల్పు, 2.44 ఎత్తు ఉన్న గోల్. గచ్చిబౌలి, కొండాపూర్ సైడ్ రాత్రిపూట బుక్ చేసుకునే టర్ఫ్‌ల్లో గోల్ చిన్నది, పెనాల్టీ దగ్గర నుంచి కొడతారు, అక్కడ అలవాటైన టైమింగ్ ఇక్కడికి తెస్తే దెబ్బతింటావ్.

ముందు టైం లెక్క చూసుకో

గట్టిగా కొట్టిన పెనాల్టీ సెకనుకి 25 మీటర్ల స్పీడ్‌తో వస్తుందనుకో, అంటే గంటకి 90 కిలోమీటర్లు, 11 మీటర్లు రావడానికి దానికి 0.44 సెకన్లు చాలు. కంటితో చూసి ఒళ్ళు కదలడానికే మనిషికి 0.2 సెకన్ల దాకా పోతుంది. మిగిలిన పావు సెకనులో మధ్యలో నిలబడ్డోడు 3.66 మీటర్ల అవతల ఉన్న పోస్ట్ దాకా చెయ్యి చాపడం కుదరదు. కాబట్టి కార్నర్‌కి గట్టిగా వెళ్ళే బాల్ పట్టాలంటే వాడి కాలు బాల్‌కి తగలకముందే నువ్వు బయల్దేరాలి, వేరే దారి లేదు.

ముందే బయల్దేరితే కార్నర్ అందుతుంది కానీ వాడికి నువ్వు కనపడతావ్. ఆలస్యంగా బయల్దేరితే డైరెక్షన్ కరెక్ట్‌గా తెలుస్తుంది కానీ కార్నర్ చేజారుతుంది, మధ్యకీ కార్నర్‌కీ నడుమ వచ్చే బాల్సే నీకు దక్కుతాయి. ఎవడి మీద ఏది వదులుకోవాలో తేల్చుకోవడమే కీపర్ చేసే స్టడీ అంతా.

స్టెప్ 1: వాడు ఏ రకమో తేల్చు

మొదటి రకం వాడు బాల్ పెట్టేటప్పుడే డిసైడ్ అయిపోయి ఉంటాడు. తల కిందకి, కళ్ళు బాల్ మీద, రనప్ ఒకే స్పీడ్‌లో, మధ్యలో బ్రేకులుండవు, కొట్టుడు గట్టిగా ఉంటుంది. నువ్వు చేతులూపినా గెంతినా వాడు చూడడు. ఇలాంటోడి మీద నువ్వు ముందే దూకినా నష్టం లేదు, ఎందుకంటే నువ్వు దూకినట్టు వాడికి తెలియదు, తెలిసినా ఆ స్పీడ్‌లో కాలు మార్చలేడు. ఇక్కడ పని సైడ్ గెస్ చేయడం, చేసి పూర్తిగా వెళ్ళిపోవడం. సగం మనసుతో వెళ్తే రెండిటికీ చెడతావ్.

రెండో రకం వాడు తల ఎత్తి వస్తాడు. రనప్ నిదానం, చివర్లో ఒక చిన్న ఆగుడో గెంతో ఉంటుంది, కళ్ళు నీ మోకాళ్ళ మీద ఉంటాయి. నీ బరువు ఒక కాలు మీదకి జరగ్గానే రెండో వైపు నెమ్మదిగా తోసేస్తాడు. ఈ రకానికి అందరికీ తెలిసిన ఎగ్జాంపుల్ ఇటలీ జోర్జిన్హో. చివరి అడుగులో గాల్లోకి ఒక చిన్న గెంతు వేస్తాడు, ఆ గెంతులోనే కీపర్ ఎటు పడుతున్నాడో చూస్తాడు. యూరో సెమీస్‌లో స్పెయిన్ మీద గెలిపించిన కిక్ అలాంటిదే, ఉనాయ్ సిమోన్ ఒక వైపు పోయాడు బాల్ ఇంకో వైపు దొర్లుకుంటూ వెళ్ళింది. ఐదు రోజుల తర్వాత, 2021 జూలై 11న వెంబ్లీలో ఫైనల్లో ఇంగ్లాండ్ కీపర్ పిక్‌ఫర్డ్ తొందరపడలేదు, జోర్జిన్హో కిక్ ఆపేశాడు. అంతకుముందు 2020 సెప్టెంబర్‌లో లివర్‌పూల్ కీపర్ అలిసన్ కూడా అతని కిక్ ఆపాడు.

ఇక్కడ చాలామంది మిస్సయ్యే పాయింట్ ఒకటుంది. గెంతి ఆగి కొట్టేవాడి కిక్‌లో పవర్ ఉండదు, ఎందుకంటే రనప్ స్పీడ్ మొత్తం ఆ గెంతులోనే పోయింది. పవర్ లేదంటే బాల్ నీ దగ్గరికి రావడానికి ఎక్కువ టైం పడుతుంది, పైన వేసిన 0.44 లెక్క ఇక్కడ వర్తించదు. అంటే వీడి మీద ఆలస్యంగా బయల్దేరినా చాలా దూరం అందుతుంది, వాడి బలం అంతా నువ్వు ముందే కదలడం మీదే ఆధారపడి ఉంది. కదలకపోతే వాడే గాల్లో ఉండి అప్పటికప్పుడు డిసైడ్ చేసుకోవాలి, అప్పుడు కొట్టే కిక్ సగం సార్లు కార్నర్‌కి వెళ్ళదు.

రనప్‌లో ఆగడం, నాటకాలు ఆడటం రూల్ ప్రకారం ఓకేనే, రెఫరీ మీద అరిచి లాభం లేదు. రనప్ పూర్తయ్యాక, బాల్ దగ్గరికొచ్చి కొట్టినట్టు చేసి ఆపితేనే తప్పు, దానికి వాడికి ఎల్లో కార్డ్, నీ టీమ్‌కి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్.

స్టెప్ 2: నోట్‌బుక్, కానీ సరైన కాలమ్స్‌తో

పెద్ద టీమ్‌లకి వీడియో అనలిస్టులు ఉంటారు, మన లోకల్ లీగ్‌లో ఆడేవాడికి నోట్‌బుక్, ఫోన్, వేరే టీమ్ కీపర్లతో దోస్తీ ఉంటే చాలు. అపోనెంట్ మ్యాచ్‌కి ముందు వారం వెళ్ళి కూర్చో, పెనాల్టీ వస్తే ఫోన్ తీయి, రాకపోతే వాళ్ళ ఫ్రీకిక్‌లు ఎవడు కొడుతున్నాడో ఏ కాలితో కొడుతున్నాడో రాసుకో. వార్మప్‌లో కొట్టే పెనాల్టీలని మాత్రం ఎక్కువ నమ్మకు, అక్కడ ఎవడైనా సరదాగా టాప్ కార్నర్లే ట్రై చేస్తాడు.

ఒక్కో కిక్‌కి రాయాల్సినవి: ఏ కాలు, బాల్ నుంచి ఎన్ని అడుగులు వెనక్కి పోయాడు, పక్క నుంచి వచ్చాడా నేరుగా వచ్చాడా, తల పైకా కిందకా, గట్టిగానా నెమ్మదిగానా, ఎటు వెళ్ళింది, అప్పుడు స్కోర్ ఎంత. "ఎటు" అన్నది ఎప్పుడూ నీ వైపు నుంచే రాయి. కిక్కర్ కుడి అంటే నీ ఎడమ, ఈ ఒక్క గందరగోళం వల్ల స్టడీ మొత్తం తిరగబడి, తెలిసి తెలిసి రాంగ్ సైడ్ దూకిన కీపర్లు ఉన్నారు. నేను మా పిల్లలకి కుడి ఎడమ అని కూడా రాయనివ్వను, "నా కుడి" "నా ఎడమ" అని రాయమంటా.

ఇంకో బేసిక్: కుడికాలు వాడికి సహజంగా తేలికైన సైడ్ ఒంటికి అడ్డంగా లాగి కొట్టేది, అంటే నీ కుడి. పాదం లోపలి భాగం తెరిచి నీ ఎడమకి పెట్టడం కొంచెం కంట్రోల్ కావాల్సిన పని. ఎడమకాలు వాడికి ఇది రివర్స్. ఎవడి గురించీ ఏమీ తెలియనప్పుడు మొదలుపెట్టేది ఇక్కడి నుంచే.

ఇప్పుడు ఒక కేసు తీసుకుని చేద్దాం. కుడికాలు స్ట్రైకర్ అనుకో, వాడివి 8 కిక్‌లు దొరికాయి, 6 నీ కుడికి 2 నీ ఎడమకి. చాలామంది ఇక్కడే బుక్ మూసేసి "కుడికి దూకాలి" అని ఫిక్స్ అవుతారు. ఆగు. నాణెం 8 సార్లు ఎగరేస్తే ఏదో ఒక పక్క 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడటం 10 కి దాదాపు 3 సార్లు జరుగుతుంది. అంటే అసలు ఏ అలవాటూ లేనోడి నోట్‌బుక్ కూడా ఇలాగే కనపడొచ్చు. 8 కిక్‌ల్లో 6-2 అనే స్కోర్ ఒక్కటే చూసి పందెం కాయకూడదు.

మిగతా కాలమ్స్ ఎందుకు రాసుకున్నామో ఇప్పుడు తెలుస్తుంది. ఆ ఆరు కిక్‌లు తిప్పి చూస్తే ఐదింట్లో వాడు ఐదారు అడుగులు వెనక్కి పోయి, బాగా పక్కకి జరిగి, తల దించి గట్టిగా కొట్టాడు. ఎడమకి వెళ్ళిన రెండూ, కుడికి వెళ్ళిన మిగతా ఒకటీ మాత్రం మూడడుగుల రనప్, దాదాపు నేరుగా, తల పైకి, నెమ్మదిగా. అంటే వీడికి రెండు పెనాల్టీలున్నాయి. పొడుగు రనప్ తీసుకుంటే మొదటి రకం, పొట్టి రనప్ తీసుకుంటే రెండో రకం. పొట్టి రనప్‌లో ఎటు వెళ్ళిందో ఇంకోసారి చూస్తే కీపర్ మూడుసార్లూ ముందే కదిలాడు, బాల్ మూడుసార్లూ ఖాళీ సైడ్‌కి వెళ్ళింది.

ఇక ప్లాన్ అదే తయారవుతుంది. వాడు బాల్ పెట్టి వెనక్కి నడిచేటప్పుడు అడుగులు లెక్కపెట్టు. ఐదారు పోయి పక్కకి జరిగితే నీ కుడికి, వాడి ఆఖరి అడుగు పడేటప్పుడే, ఫుల్‌గా వెళ్ళిపో. మూడే పోతే ఆగు, కదలకు, ఆగలేకపోతే దొంగ అడుగు వెయ్. దొంగ అడుగు అంటే భుజం, మోకాలు ఎడమకి చూపించి బరువు మాత్రం ఎటూ వెళ్ళకుండా ఉంచుకుని కుడికి వెళ్ళడం. ఇది తల ఎత్తినోడి మీదే పనిచేస్తుంది, తల దించినోడి ముందు నాటకం ఆడితే నీ టైమే వేస్ట్. పొరపాటున బరువు నిజంగానే ఎడమకి పోతే ఇక నిన్ను నువ్వే మోసం చేసుకున్నట్టు, తిరిగి రాలేవ్, అందుకే ప్రాక్టీస్‌లో రానిది మ్యాచ్‌లో చేయొద్దు.

ప్లాన్ తప్పిందని ఎలా తెలుస్తుంది? పొడుగు రనప్ తీసుకున్నోడు మధ్యలో తల ఎత్తాడంటే వాడు మారాడు. అప్పుడు ప్లాన్ పక్కన పెట్టి ఆగడమే మేలు.

స్టెప్ 3: ఆగడం నేర్చుకోవడం

"ఆగు" అని చెప్పడం ఈజీ. ఆగి దేనికోసం చూడాలి అన్నదే అసలు విషయం. కళ్ళు, భుజాలు అబద్ధం చెప్తాయి. ఆలస్యంగా దొరికినా ఎక్కువగా నిజం చెప్పేది వాడు బాల్ పక్కన ఆనించే కాలు, అంటే కొట్టని కాలు. ఆ బూటు ముందు భాగం ఎటు చూస్తుందో బాల్ చాలాసార్లు అటే వెళ్తుంది, దాంతోపాటు నడుము తిరిగి ఉందా మూసి ఉందా చూడాలి. ఆ కాలు నేల మీద పడటానికీ బాల్ తగలడానికీ మధ్య సెకనులో నాలుగో ఐదో వంతు దొరుకుతుంది. నువ్వు బయల్దేరాల్సింది సరిగ్గా ఆ గ్యాప్‌లోనే. దానికన్నా ముందైతే గెస్, తర్వాతైతే కార్నర్ పోయినట్టే.

దీన్ని ఫోన్‌తోనే ప్రాక్టీస్ చేయొచ్చు. గోల్ వెనకాల నెట్ బయట, నీ కంటి ఎత్తులో స్లోమోషన్ పెట్టి మీ టీమ్ వాళ్ళ కిక్‌లు రికార్డ్ చేయి. ఇంట్లో కూర్చుని ఆ కాలు నేల మీద పడ్డ ఫ్రేమ్ దగ్గర ఆపు, ఎటు అని నోటితో చెప్పు, తర్వాత ప్లే చేసి చూడు. మొదట్లో సగం తప్పుతాయి. కొన్ని రోజులకి స్లోమోషన్ తీసేసి మామూలు స్పీడ్‌లో చూడు, అప్పుడే కంటికి నిజంగా పట్టుబడుతుంది. రైట్ ఫుట్ వాళ్ళవే కాకుండా లెఫ్ట్ వాళ్ళవి కూడా పెట్టుకో, లేకపోతే మ్యాచ్‌లో లెఫ్ట్ ఫుటర్ రాగానే అద్దంలో చూసినట్టు అంతా తిరగబడి కనపడుతుంది.

దీని లిమిట్ కూడా తెలిసుండాలి. మంచి కిక్కర్ ఆ కాలు నేరుగా పెట్టి చివర్లో కొట్టే కాలిని చీలమండ దగ్గర తిప్పగలడు, అలాంటోడు పోస్ట్ లోపలి వైపు గట్టిగా పెడితే నువ్వు కరెక్ట్ సైడ్ వెళ్ళినా అందదు. దానికి బాధపడి నెక్స్ట్ కిక్‌కి ముందే దూకేయడం మొదలుపెడతారు మనోళ్ళు, ఆ ఒక్కటి వద్దు.

స్టెప్ 4: మధ్యలో నిలబడాలా?

దీని మీద 2007లో మైకేల్ బార్-ఎలి, అతని తోటి రీసెర్చర్లు పబ్లిష్ చేసిన స్టడీ ఒకటుంది, 286 పెనాల్టీలు చూశారు. కిక్‌ల్లో 28.7 శాతం మధ్యకి వచ్చాయి, కీపర్లు మధ్యలో ఉండిపోయింది మాత్రం 6.3 శాతం. ఉండిపోయినప్పుడు 33.3 శాతం ఆపారు, దూకినప్పుడు ఎడమకి 14.2, కుడికి 12.6 శాతం. ఈ నంబర్లు చూసి "అయితే ఎప్పుడూ మధ్యలోనే ఉంటే పోయె కదా" అనేవాళ్ళు చాలామంది. 286 లో 6.3 శాతం అంటే 18 కిక్‌లు. అందులో 33.3 శాతం అంటే 6. ఆరు సేవ్‌ల మీద జీవితం కట్టుకోకూడదు. పైగా నువ్వు మధ్యలో నిలబడతావని ఒకసారి పేరు పడితే మధ్యకి కొట్టేవాడే ఉండడు.

కానీ ఆ స్టడీలో మెయిన్ పాయింట్ కరెక్టే, కీపర్లు అవసరానికి మించి దూకుతారు. ఎందుకో మన గ్రౌండ్‌లో నిలబడితే తెలుస్తుంది. రాంగ్ సైడ్ దూకి గోల్ తింటే "బ్యాడ్ లక్ రా" అంటారు, మధ్యలో నిలబడి గోల్ తింటే "అరే కనీసం దూకొచ్చు కదరా, బొమ్మలా నిలబడ్డావేంది" అంటారు. ఆ మాట పడలేక దూకేస్తారు.

నా లెక్కలో మధ్యలో ఉండాల్సింది మూడు సందర్భాల్లో. తల ఎత్తి నీ కదలిక కోసం చూసేవాడు, వీడి మీద ఆగడం మొదలుపెడితే చాలాసార్లు అది దానంతటదే మధ్యలో ఉండటంగా మారుతుంది. గుడ్డిగా బలంగా బాదేవాడు, ముఖ్యంగా డిఫెండర్లు, పొడుగు నేరు రనప్‌తో వచ్చి మధ్యకీ బార్ కిందకీ దంచుతారు. మూడోది ఇంతకుముందు నీ మీద పనెంకా వేసినవాడు, లేదా వేస్తాడని పేరున్నవాడు. 1976 యూరో ఫైనల్లో బెల్‌గ్రేడ్‌లో పనెంకా నెమ్మదిగా మధ్యలోకి ఎత్తి వేసినప్పుడు పశ్చిమ జర్మనీ కీపర్ సెప్ మేయర్ అప్పటికే పక్కకి పడిపోయాడు, ఆ కిక్ బతికేది కీపర్ పడతాడన్న నమ్మకం మీదే. మధ్యలో ఉండటం అంటే చేతులు కట్టుకుని నిలబడటం కాదు, మోకాళ్ళు వంచి, చేతులు పక్కకి చాపి, కాళ్ళ మధ్య గ్యాప్ మూసి రెడీగా ఉండటం. కాలితో ఆపిన సేవ్ కూడా సేవే.

స్టెప్ 5: లైన్

వాడి కాలు బాల్‌కి తగిలే క్షణానికి నీ ఒక పాదంలో కొంత భాగమైనా గోల్ లైన్ మీద గానీ, లైన్‌కి సరిగ్గా పైన గాల్లో గానీ, లైన్ వెనకాల గానీ ఉండాలి. ముందుకొచ్చి ఆపితే రీటేక్. మొదటిసారి వార్నింగ్, మళ్ళీ చేస్తే ఎల్లో. బార్, పోస్ట్, నెట్ పట్టుకుని ఊపి కిక్కర్‌ని డిస్టర్బ్ చేయడం కూడా 2023 నుంచి రూల్‌లో వద్దని రాశారు.

హైదరాబాద్ వాళ్ళకి దీనికి ఎగ్జాంపుల్ కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 మార్చి 20, ఫతోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్, హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ 1-1. షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమని మొదట లెస్కోవిచ్ కిక్ ఆపాడు, తర్వాత నిషు కుమార్ కిక్ ఆపాడు, లైన్ దాటాడని రెఫరీ మళ్ళీ కొట్టమన్నాడు, మళ్ళీ ఆపాడు. తర్వాత జీక్సన్ కిక్ కూడా ఆపి 3-1 తో కప్పు తెచ్చాడు. అందరూ రెండోసారి ఆపడం గురించి మాట్లాడతారు, కీపర్‌గా నువ్వు చూడాల్సింది మొదటిసారి ఎందుకు పోయిందన్నది. సేవ్ కరెక్టే, అడుగే ముందు పడింది.

దీనికి మందు వెనక కాలు. ముందు కాలిని ఏటవాలుగా ముందుకి వేసి దూకొచ్చు, వెనక కాలు లైన్ మీద ఉన్నంతసేపు తప్పు లేదు. ప్రాక్టీస్‌లో లైన్‌కి సమాంతరంగా పక్కన ఫోన్ పెట్టి తీయి, బాల్ తగిలిన ఫ్రేమ్‌లో వెనక బూటు ఎక్కడుందో చూడు. ఆలస్యంగా బయల్దేరే కీపర్‌కి ఈ గొడవ తక్కువ వస్తుంది, తొందరపడే వాడికే ఎక్కువ.

స్టెప్ 6: చీటీ

షూటౌట్‌లో బుర్ర పనిచేయదు, అందుకే రాసి పెట్టుకో. 2006 వరల్డ్ కప్ క్వార్టర్స్‌లో బెర్లిన్‌లో అర్జెంటీనా మీద జర్మనీ కీపర్ లేమన్ సాక్స్‌లో చీటీ పెట్టుకున్నాడు, కీపింగ్ కోచ్ కోప్కే రాసిచ్చింది. చీటీలో ఏడుగురి పేర్లుంటే అందులో కొట్టడానికి వచ్చింది ఇద్దరే. కాంబియాసో పేరు అందులో లేదు, అయినా లేమన్ అతను వచ్చేముందు చీటీ తీసి తాపీగా చదివాడు, ఆపాడు. 2024 యూరోలో స్విట్జర్లాండ్ మీద పిక్‌ఫర్డ్ వాటర్ బాటిల్ మీద అకాంజీ పేరు పక్కన ఎడమకి దూకమని ఉంది, దూకాడు, ఆపాడు.

మన లెవెల్‌కి బాటిల్ మీద తెల్ల టేప్ చాలు. పేరు కాదు, జెర్సీ నంబర్ రాయి. పక్కన నాలుగే మాటలు: "9, పొడుగు కుడి, పొట్టి ఆగు". ఇంకా రాస్తే చదవలేవ్. అడుగున ఒక లైన్ చీటీలో లేనోళ్ళకి: తల కిందైతే వాడి తేలిక సైడ్, తల పైకైతే ఆగు. చీటీలో ఉన్నవాళ్ళకన్నా లేనివాళ్ళే ఎక్కువ వస్తారు, కాబట్టి ఆ ఆఖరి లైన్ మీదే ఎక్కువ పని చేసి ఉంచుకో.

ఇంకోటి, అవతలోళ్ళు కూడా నిన్ను రాసుకుంటారు. 2008 మే 21న మాస్కోలో చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి ముందు ఇగ్నాసియో పలాసియోస్-హుయెర్టా అనే ఎకనమిస్ట్ మాంచెస్టర్ యునైటెడ్ కీపర్ వాన్ డెర్ సార్ అలవాట్లు చెల్సీకి రాసిచ్చాడు, కిక్కర్ తేలిక సైడ్‌కే ఎక్కువ దూకుతాడని. చెల్సీ వాళ్ళు చాలామంది రెండో వైపు, అంటే వాన్ డెర్ సార్ ఎడమకి కొట్టారు. చివరికి అనెల్కా వచ్చేసరికి వాన్ డెర్ సార్ తన ఎడమకి చెయ్యి చూపించాడు, అటే కొడతావు కదా అన్నట్టు. అనెల్కా మార్చి కుడికి కొట్టాడు, వాన్ డెర్ సార్ ఆపాడు, కప్పు యునైటెడ్‌కి పోయింది. అందుకే అదే నోట్‌బుక్‌లో వెనక పేజీ నీకు పెట్టుకో, నువ్వు ఎటు దూకావు, ముందా ఆలస్యమా, అన్నీ. వరుసగా ఒకే వైపు పడుతున్నావంటే అది అవతలి టీమ్ చీటీలో ఎక్కకముందే నీకే కనపడాలి.